నిలువుపోగు పట్టీ

హజరాబీకి కోపం త్వరగా రాదు. వచ్చిందంటే త్వరగా పోదు. మూడేళ్ల నాటి కోపం ఒకటి జగ్గయ్యపేట ముక్త్యాల రోడ్డులో, ఆమె కుట్టుమిషన్ సొరుగులో, దారపు కండెల కింద భద్రంగా ఉంది. అది మూరెడు పొడవున్న మెరూన్ రంగు గుడ్డ పట్టీ.

అంతకుముందు పదకొండేళ్లు ఆమె నందిగామలో కమలాకుమారి షాపులో జాకెట్లు కుట్టింది. కత్తిరించడం కమలాకుమారిది, కుట్టడం హజరాబీది. కత్తెర ఇంకొకరికి ఇచ్చే మనిషి కాదు కమలాకుమారి. మెడకీ చంకకీ వేసే పట్టీలు ఏటవాలుగా, క్రాస్‌లో కత్తిరించాలి. అలాగైతే గుడ్డ వృథా అని ఆవిడ నిలువుపోగు వెంటే చీల్చి పడేసేది. నిలువుపోగు సాగదు. గుండ్రటి మెడకి కుట్టి లోపలికి తిప్పితే పట్టీ కింది అంచు ఇంకా పెద్ద చుట్టు తిరగాలి. సాగనిది ఎలా తిరుగుతుంది? ముడతలు పడి మెడని లేపుతుంది.

హజరాబీ నోరెత్తకుండా ఆ పట్టీలు పక్కన పడేసి, లైనింగ్ ముక్కల్లోంచి తనే క్రాస్ పట్టీలు తీసుకుని వేసేది. పదకొండేళ్లు కమలాకుమారి పేరు నిలబడింది ఆ ముక్కల మీదే. ఆ సంగతి చెప్పకపోవడం హజరాబీ తెలివితక్కువతనం.

ఒకరోజు ముక్కలు లేవు, తొందర ఉంది. వీరులపాడు టీచరు జయమణి జాకెట్‌కి కమలాకుమారి కోసిచ్చిన పట్టీనే వేసేసింది. తొడిగి చూసుకుంటే మెడ ముడుచుకుపోయి పైకి లేచింది. షాపు నిండా జనం.

"దీని చేతికి పట్టు పోయిందండీ. నా కటింగ్‌లో లోపం లేదు," అంది కమలాకుమారి.

"పట్టీ సాగదు మేడం, నిలువులో కత్తిరించారు," అంది హజరాబీ.

"పదకొండేళ్లు తిండిపెడితే నా కత్తెరకే వంక పెడతావా? రేపట్నించి రాకు."

జయమణి ఆ మాట ఊరంతా మోసింది. హజరాబీ చేతికి పట్టు లేదని నందిగామలో రవికముక్క ఇచ్చినవాళ్లు లేరు. జాకెట్ విప్పినప్పుడు తీసిన ఆ పట్టీతోనే ఆమె జగ్గయ్యపేట బస్సెక్కింది. దాన్ని వాడే రోజు వస్తుందని ఆమెకు గట్టి నమ్మకం.

వచ్చింది. మూడేళ్ల తర్వాత ముక్త్యాల రోడ్డులో హజరాబీ గుమ్మం ముందు కమలాకుమారి కారు దిగింది, చేతిలో పట్టుజాకెట్. కూతురు యశస్విని నిశ్చితార్థం ఎల్లుండి. చేతుల్లేని జాకెట్. మెడా లేచింది, రెండు చంకలూ లేచాయి.

"కుట్టడానికి ముగ్గురు మనుషుల్ని మార్చా హజరా. ఎవరికీ చేతకావట్లేదు. నువ్వే చెయ్యాలి."

హజరాబీ మెడ తిరగేసింది. నిలువుపోగు.

పాడుచేసి పంపెయ్యొచ్చు. కానీ తొడుక్కునేది ఆ పిల్ల. తప్పు ఆ పిల్లది కాదు.

"చేస్తానండి. రేపు పొద్దున జయమణి టీచరుగార్ని తీసుకురండి. ఆవిడ ముందే విప్పుతా."

కమలాకుమారి ముఖం మాడింది. అయినా మర్నాడు తీసుకొచ్చింది. జాకెట్లకి వచ్చిన మరో నలుగురు ఆడవాళ్లు కూడా ఉన్నారు.

హజరాబీ తొందరపడలేదు. పాత పట్టీలు విప్పి, కమలాకుమారి తెచ్చిన మిగులు పట్టుముక్కని మూలకి మూల మడిచి, మడత వెంట ఏటవాలుగా కొత్త పట్టీలు కోసింది. పాతదొకటి, కొత్తదొకటి కమలాకుమారి చేతికిచ్చింది.

"మీరు కోసింది లాగండి. సాగిందా?"

"లేదు."

"ఇది లాగండి."

సాగింది. అందరూ చూశారు.

అప్పుడు సొరుగులోంచి మెరూన్ పట్టీ తీసి జయమణి చేతిలో పెట్టింది. "ఇది మీ జాకెట్‌ది టీచరుగారూ. మీరూ లాగండి."

జయమణి లాగింది. సాగలేదు. తల దించుకుంది. హజరాబీ కమలాకుమారి వైపు తిరిగింది. "ఇది ఎవరు కోశారు మేడం?"

"నేనే," అంది కమలాకుమారి, నేల చూస్తూ.

అప్పుడు కూర్చుంది మిషన్ ముందు. క్రాస్ పట్టీని వంపుల్లో కొంచెం లాగిపట్టుకుంటూ, పాత కుట్టుకి నూలుపోగంత లోపలికి కుట్టింది. అంచుకి గాట్లు పెట్టింది, కుట్టు తెగకుండా. కుట్టు పక్కన మిగిలిన అంచుగుడ్డని పట్టీవైపు వాల్చి, పట్టీ మీదే మరో కుట్టు వేసింది, పట్టీ బయటికి తొంగిచూడకుండా. లోపలికి తిప్పి చేత్తో హెమ్మింగ్ చేసి, పలచటి గుడ్డ పరిచి ఇస్త్రీ పెట్టింది. మెడా చంకలూ బల్లకి అతుక్కున్నట్టు పడుకున్నాయి.

కమలాకుమారి జాకెట్ సంచిలో పెట్టుకుని, బల్లమీది మెరూన్ పట్టీ వైపు చెయ్యి చాపింది. "ఇంక దాన్ని పడేద్దాం హజరా."

హజరాబీ ముందే అందుకుంది. మిషన్ పైన గోడకి, అందరికీ కనబడే ఎత్తులో, మేకు కొట్టి తగిలించింది.

"నేర్చుకోడానికి పిల్లలొస్తున్నారండి. పట్టీ ఎలా కొయ్యకూడదో చూపించాలిగా," అంది. "ఎవరు కోశారని అడిగితే మీ పేరు చెప్తా."