నాలుగో సర్వర్

శంషాబాద్ విమానాశ్రయంలో సరుకులు దిగే షెడ్డులో నేను మూడేళ్లు పనిచేశాను. ఏ పెట్టె ఏ విమానంలో వచ్చింది, ఎక్కడ ఉంది, ఎవరికి అప్పగించారు అన్నది రాసిపెట్టే కంప్యూటర్లు చూసుకోవడం నా ఉద్యోగం. మా కంపెనీ చిన్నది. ఆ షెడ్డు నడిపే కాంట్రాక్టరుకు మేం పెట్టిచ్చిన సర్వర్లను మా మేనేజరు గొప్పగా క్లౌడ్ అనేవాడు. మొదట ఉన్నవి మూడే. రెండు షెడ్డు వెనక గదిలో, ఒకటి గగన్‌పహాడ్‌లోని మా ఆఫీసులో.

మూడింటి దగ్గరా ఒకే రిజిస్టరు కాపీలు ఉండేవి. వాటిలో ఒకటి లీడర్. కొత్తగా ఏది రాయాలన్నా లీడరే మొదలుపెట్టాలి. మొత్తం సర్వర్లలో సగానికి మించి ‘రాసుకున్నాం’ అంటేనే ఆ మాట ఖాయమవుతుంది. లీడర్ పడిపోతే మిగిలినవి కొత్త లీడర్‌ను ఎన్నుకుంటాయి, దానికీ సగానికి మించిన ఓట్లు కావాలి. ఆ సంఖ్యనే కోరం అంటారు. మూడింటికి కోరం రెండు.

ఒకసారి కాంట్రాక్టరు మనుషులు ఆఫీసుకు వచ్చి, ఇంకో సర్వర్ ఉంటే ఇంకా భద్రం కదా అన్నారు. మేనేజరు వెంటనే సరేనన్నాడు. నాలుగింటికి కోరం మూడు అవుతుందని, ఒక్కటి పోతే తట్టుకోవడం మూడింటితోనూ జరుగుతుందని, నాలుగోదానితో బలం పెరగకపోగా సరిసమానంగా చీలిపోయే అవకాశం వస్తుందని నాకు తెలుసు. చదువుకున్నాను. ఆ మాటే ఒక మెయిల్‌లో రాశాను. జవాబు రాలేదు. మళ్లీ అడగలేదు. ఉద్యోగంలో చేరి అప్పటికి ఏడాది కూడా కాలేదు. నాలుగో సర్వర్‌ను గగన్‌పహాడ్‌లో నా చేతులతోనే బిగించాను.

ఆ తర్వాత ఎండాకాలంలో ఒక ఉదయం గల్ఫ్ నుంచి వచ్చిన విమానంలో రెండు శవపేటికలు దిగాయి. అలాంటివి తరచూ వచ్చేవి. పనికి పోయినవాళ్లు అలా తిరిగొచ్చేవారు. ఒక పేటిక కోసం కరీంనగర్ దిక్కు నుంచి నలుగురు అంబులెన్సుతో వచ్చారు. చనిపోయినతని అన్న వాళ్లకు పెద్ద. నలభై ఐదేళ్లుంటాయి. కాగితాలన్నీ ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని, ఎవరడిగినా రెండు చేతులతో అందిస్తున్నాడు.

పది దాటాక గేట్ పాస్ తీయబోతే కంప్యూటర్ ఆగిపోయింది. హైవే పక్కన రోడ్డు తవ్వే బండి ఒకటి షెడ్డును ఆఫీసుతో కలిపే మా కేబుల్‌ను తెంపేసింది. ఇక్కడ రెండు, అక్కడ రెండు. ఏ వైపూ మూడు లేవు. ఎన్నిక మొదలవుతోంది, తేలకుండానే ముగుస్తోంది, మళ్లీ మొదలవుతోంది. లీడర్ లేదు. కొత్తగా ఒక్క అక్షరం కూడా ఎక్కదు.

షెడ్డు సూపర్‌వైజరు శంషాబాద్ మనిషే. అందరూ చాచా అనేవాళ్లం. నేను కంగారుగా, “చాచా, ఈ ఒక్కటి చేత్తో రాసి పంపిద్దామా?” అని అడిగాను.

ఆయన తల అడ్డంగా ఊపాడు. “నువ్వు రాకముందు ముచ్చట బేటీ. గప్పుడు గూడ వైర్ తెగింది. పాత కంప్యూటర్లు ఏడియాడనే నడిచినయి. ఆఫీసోళ్లు ఒక పెట్టెకు ఏ నంబరిచ్చిన్రో, మేము ఇంకో పెట్టెకు గదే నంబరిచ్చినం. ఒకరి మయ్యత్ పెట్టె ఇంకొకరి ఊరికి పోయింది. ఆడ మూత తీసినంకగాని తెల్వలే. నేనే పొయ్యి వాపస్ తెచ్చిన. సచ్చిపోయిన పిలగాని అమ్మ నన్ను ఏమనలే. ఊకె చూసింది. గందుకే పాస్ కంప్యూటర్ల నుంచే రావాలె అన్న రూల్ నేనే పెట్టించిన.”

కేబుల్ అతికేవాళ్లు గంట అన్నారు. ఆ గంట గడిచాక ఇంకో రెండు గంటలన్నారు. ఈలోగా మేనేజరు ఫోన్ చేశాడు.

“చూడమ్మా, రెండు వైపులా వేటికవి నడిచేలా సెట్టింగ్ మార్చేయ్. లైను వచ్చాక కలిపేద్దాం.”

“కలపలేం సార్. ఇక్కడొకటి, అక్కడొకటి రాసుకుంటే ఏది నిజమో తర్వాత ఎవరు చెప్తారు? ఇవాళ రెండు పెట్టెలున్నాయి సార్.”

“అయితే ఏం చేస్తావు?”

“ముందు ఆఫీసులో రెండూ ఆపించండి. కరెంటు తీసి, కేబుల్ కూడా పీకేయమనండి. అది అయిందని నాకు చెప్పండి. అప్పుడు ఇక్కడి రెండింటికి, మొత్తం మూడే అని రాసిస్తాను, కోరం రెండవుతుంది.”

ఆయన చేయిస్తానన్నాడు.

ఆ కబురు కోసం ఎదురుచూస్తుంటే చనిపోయినతని అన్న నా దగ్గరికి వచ్చాడు. “బిడ్డా, ఏంది ఆలస్యం? కాగితాలల్ల ఏమన్న తక్కువైందా?”

“కాగితాలన్నీ సరిగ్గనే ఉన్నయి అన్నా. మా మిషన్లు నాలుగు. రెండు ఈడ, రెండు గగన్‌పహాడ్ల. నడుమ వైరు తెగింది. మూడు ఒక్క మాట మీదికి రాకుంటే పాస్ ఇయ్యవు.”

అతను విని, ఆలోచించి అడిగాడు. “మరి నాలుగెందుకు పెట్టిన్రు?”

ఆ ప్రశ్నలో కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. మూడే ఉండి ఉంటే ఇక్కడి రెండూ ఒక్కటై పని సాగించేవి, అతను అప్పటికి సగం దారిలో ఉండేవాడు.

“తప్పే అన్నా. నేనే పెట్టిన,” అన్నాను.

“ఇంటికాడ మా అవ్వ పొద్దుగాల నుంచి మంచినీళ్లు ముట్టలే. జర తొందరగ చూడు,” అని వెళ్లి తనవాళ్ల పక్కన గోడకు ఆనుకుని కూర్చున్నాడు. చాచా వాళ్లకు చాయ్ పంపాడు. ఎవరూ తాగలేదు.

ఒంటిగంటకు ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. రెండూ ఆపేశామన్నారు. కేబుల్ పీకారా అని మూడుసార్లు అడిగాను. నాలుగో సర్వర్ పేరు తీసేసి ఇక్కడి రెండింటినీ మళ్లీ లేపాను. అంతకుముందు ఖాయమైన ప్రతి మాటా కనీసం మూడింటిలో రాసి ఉంటుంది కనుక, ఈ రెండింటిలో ఒకదాని దగ్గరైనా ఉండి తీరాలి. ఆ సంగతి తెలిసినా రెండింటి రిజిస్టర్లనూ పక్కపక్కన పెట్టి చూశాను. ఒకదాని దగ్గర ఆఖరి ఎంట్రీ ఉంది, రెండోదాని దగ్గర లేదు. ఎంట్రీ ఉన్నదే లీడర్‌గా గెలిచింది, రెండోది దాన్ని చూసి రాసుకుంది. కొన్ని క్షణాల్లో అయిపోయింది.

పాస్ వచ్చాక చాచా పేటిక మీది పేరును, పాస్‌పోర్టు నంబరును గట్టిగా చదివాడు. అన్న ఒక్కో అంకెకూ తల ఊపాడు. పెట్టెను అంబులెన్సులోకి ఎత్తుతుంటే నేనూ ఒక చివర పట్టుకోబోయాను. “వద్దు బిడ్డా, మేమున్నం,” అన్నాడతను. రెండో పేటిక కోసం వచ్చినవాళ్లూ ఆ వెనకే వెళ్లారు.

సాయంత్రం జరిగింది జరిగినట్టు రిపోర్టు రాశాను. నాకు తెలిసీ గట్టిగా చెప్పలేదన్న వాక్యాన్ని రెండుసార్లు కొట్టేసి, మూడోసారి ఉంచేశాను. మేనేజరు అది చదివి, తన పేరు కూడా కింద చేర్చాడు. ఆయన అలా చేస్తాడని నేననుకోలేదు.

నాలుగో సర్వర్‌ను మళ్లీ కలపలేదు. మూడింటితోనే నడుపుతూ, షెడ్డు గదికి పూర్తిగా కరెంటు పోతే ఒక్కటే మిగిలి అంతా ఆగిపోతుందని ఈసారి నోరు తెరిచి చెప్పాను. వర్షాకాలానికి ఐదు చేశాం. షెడ్డులో రెండు, ఆఫీసులో రెండు, కాటేదాన్‌లో ఒక గది కిరాయికి తీసుకుని అందులో ఒకటి. ప్రతి చోటికీ వేరే వేరే దారిన లైన్లు వేయించాం. ఏ ఒక్క చోటు మూగబోయినా ఇంకా కనీసం మూడు మిగులుతాయి, ఐదింటికి కోరం అదే.

పని పూర్తయిన రోజు మధ్యాహ్నం చాచాను వెనక గదికి పిలిచి, ఆయన ముందే షెడ్డు లైన్లన్నీ పీకాను. లీడర్ షెడ్డులోదే. అది పక్కకు తప్పుకుంది. గగన్‌పహాడ్ ఆఫీసులోని కుర్చీలోంచి మా మేనేజరు ఫోన్‌లో, కొత్త లీడర్ వచ్చిందని, తను ఒక పాస్ కూడా తీశానని చెప్పాడు. లైన్లు మళ్లీ పెడితే మా రెండు సర్వర్లూ ఆ పాస్‌ను రాసుకున్నాయి.

చాచా తెర మీదికి వంగి ఆ నంబరు చదివాడు.

“ఒక్కటే నంబరు?”

“ఒక్కటే చాచా.”

ఆయన ఇంకోసారి చదివి, కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకుని, నమాజుకు వేళయిందని బయటికి నడిచాడు.