తలుపు తిరిగే సందు

ఆ అద్దాల కర్మాగారంలో ఆమెకు డౌటమ్మ అని పేరు పడిపోయింది. ఎదురుగా అందరూ మేడమ్ అంటారు. కొలిమి దగ్గర పనిచేసే పెద్ద మేస్త్రీ మాత్రం మొహం మీదే డౌటమ్మా అని పిలుస్తాడు, ఆమె పలుకుతుంది. అద్దాలకు ఆర్డరిచ్చినవాళ్లు పంపే డ్రాయింగులను సరిచూసి కోతకు వదలడం ఆమె పని. ఎవరికి ఫోన్ చేసినా "నాకో చిన్న డౌటండీ" అనే మొదలుపెడుతుంది. నిజానికి ఆమెకు డౌట్లు తక్కువ. తప్పు ఎక్కడుందో తేలాకే ఫోన్ ఎత్తుతుంది.

గట్టిపరిచే అద్దానికి ఒక స్వభావం ఉంది. కోయడం, అంచులు అరగదీయడం, రంధ్రాలు తొలచడం, అన్నీ అది కొలిమిలోకి వెళ్లకముందే జరగాలి. లోపల కాగి, వెంటనే గాలి దెబ్బకు చల్లారి బయటికి వచ్చాక దాన్ని వెంట్రుకవాసి తగ్గించడం ఎవరి తరమూ కాదు. కోత పెడితే పలక మొత్తం పటికముక్కల్లా రాలిపోతుంది. మనుషులూ కొంతవరకు అంతే. తప్పు నీదని నలుగురిలో అన్న క్షణాన గట్టిపడతారు, ఆ తర్వాత సవరణకు లొంగరు.

ఈ సంగతి ఆమెకు తన బల్లే చెప్పింది. దాని మీది అద్దం ఒకప్పుడు ఏదో దుకాణానికి తలుపు కావలసినది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ యజమానితో "మీ కొలత తప్పండీ" అని సూటిగా అనేసింది. పక్కన అతని భాగస్వామి కూర్చుని ఉన్నాడు. "నా కొలతకే వంక పెడతావా? పంపిన సైజే కోయించు" అన్నాడతను. కోయించారు. తలుపు పట్టలేదు, ఎవరూ తీసుకెళ్లలేదు, చివరికి ఆమె బల్లకు చేరింది. హ్యాండిల్ కోసం తొలిచిన రంధ్రాల్లోంచి ఇప్పుడు ఫోన్ తీగ కిందికి దిగుతుంది. అప్పటినుంచి ఆమె ఎవరి తప్పునూ తప్పనలేదు. అర్థం కానిది తనకేనని చెప్పుకుంటూ వచ్చింది. దానికి తగ్గ పేరే వచ్చింది.

"అందరి ముందూ ఏమీ తెలియనట్టు నటిస్తే జీతం పెంచుతారా ఏమిటి?" అంటాడు, బస్సు నడిపి రిటైరైన భర్త.

"పెంచరు. మీరు మాత్రం ముందు బండివాడిని తిట్టకుండా, ఒట్టి హారన్ కొట్టి ఎన్నిసార్లు దారి తెచ్చుకోలేదూ?"

"కొట్టాను, తిట్టాను కూడా."

ఆ వారం వచ్చిన డ్రాయింగు ఒక క్లినిక్ ముందుగదిది. పంపిన కాంట్రాక్టరును ఆఫీసులో ఫైనల్ గారు అంటారు. ప్రతి కాగితం మీదా ఫైనల్ అని పెద్దక్షరాలతో రాసి, కింద రెండు గీతలు గీసి, సంతకం చేస్తాడు. ఇటొకటీ అటొకటీ కదలని అద్దాలు, మధ్యలో నేలలోని స్ప్రింగు మీద తిరిగే తలుపు. మూడింటి వెడల్పులూ కూడితే గోడకూ గోడకూ మధ్య దూరం సరిగ్గా వచ్చింది. తలుపు ఎత్తూ నేలనుంచి దూలం దాకా సరిగ్గా ఉంది. అంటే తలుపు తిరగడానికి ఎక్కడా సందు లేదు. ఖాళీ కొలిచి, అదే అద్దం కొలతగా పంపేశాడు. సందులకు సరిపడా కొలత తగ్గించి తానే కోయించే వీలు ఆమెకు లేదు. సంతకమున్న కొలతను ఇక్కడివాళ్లు మారిస్తే ఆ తర్వాత దేనికైనా ఇక్కడివాళ్లే పూచీ. సవరణ ఆయన చేతి మీదుగానే రావాలి.

ఫోన్ చేసింది. "చిన్న డౌటండీ. ఇవి గోడ కొలతలా, అద్దం కొలతలా?"

"ఫైనల్ అని రాశాను కదమ్మా! చదవడం వచ్చా? ప్రతిసారీ డౌటేనా?" అని పెట్టేశాడు. అంతటితో ఆగలేదు, మేనేజరుకూ చేశాడు.

మేనేజరు ఈ మధ్యే వచ్చినవాడు. చెడ్డవాడు కాడు, తొందరమనిషి. ఆమెను పిలిచి కూర్చోమన్నాడు.

"మేడమ్, సూటిగా చెప్పండి. తప్పు ఆయనదా? అయితే ఇప్పుడే మెయిల్ పెడదాం, క్లినిక్ ఆర్కిటెక్టుకు కాపీతో. ఆయనే దిగొస్తాడు. లేదూ, మీకే అర్థం కాలేదా? అలా అయితే సంతకం ఉంది, కోయించేయండి."

ఆర్కిటెక్టు కళ్లముందు ఆ మనిషి దిగిరాడని ఆమెకు తెలుసు. బల్లకు ఇంకో అద్దం వస్తుంది, అంతే. నిజం చెబితే తన పరువు నిలుస్తుంది, తలుపు నిలవదు. ఎన్నో ఏళ్లుగా ఈ లెక్క ఒకేలా తేలుతోంది. ఆ క్షణాన దాని మీద ఆమెకు విసుగు కూడా పుట్టలేదు, ఒట్టి అలసట తప్ప.

"నాకే సరిగా అర్థం కాలేదండీ. సాయంత్రం దాకా కోత ఆపండి, కనుక్కుంటాను."

అతను కుర్చీలో వెనక్కి వాలాడు. "సరే. కానీ ఆయన మళ్లీ కంప్లయింటు చేస్తే మాత్రం మిమ్మల్ని సోమవారం నుంచి డిస్పాచ్‌లో వేస్తాను. ఏమీ అనుకోకండి."

డిస్పాచ్ అంటే పొద్దస్తమానం నిలబడి లారీలకు పలకలు ఎక్కించడం. ఆమె మోకాళ్లు మెట్లు దిగడానికే ఒప్పుకోవు. ఏమీ అనుకోకుండానే బయటికి వచ్చింది.

గుమ్మం దగ్గర పెద్ద మేస్త్రీ. "ఏమ్మా డౌటమ్మా, తిట్లు పడ్డాయా?"

"పడ్డాయి అన్నయ్యా. నీకూ ఇమ్మంటావా?"

"వద్దు తల్లీ, నాకు కొలిమి వేడి చాలు."

ఆఫీసులో ఉన్న మనిషికి కాగితమే లోకం, సైట్లో ఉన్నవాడికి గోడ కనిపిస్తుంది. మధ్యాహ్నం దాకా ఆగి, ఆయన సైట్‌కి చేరే వేళ చూసి మళ్లీ ఫోన్ చేసింది. వెనకాల డ్రిల్లింగు మోత.

"మళ్లీ మీరేనా?"

"నేనేనండీ, క్షమించాలి. మీ పనికి అడ్డురాను లెండి. తలుపు గురించి ఒక్క మాట. నేలకు తగలకుండా కింద ఎంత వదలమంటారు? పక్కల ఎంత? మా కోతవాళ్లు అడుగుతున్నారు, మీ పద్ధతి మీ నోటితోనే వింటే మంచిదని."

"ఎంతేమిటమ్మా, మామూలే. కింద ఎనిమిదో పదో మిల్లీమీటర్లు, పక్కలకి మూడు..."

ఆగిపోయాడు. ఎవరినో గద్దించాడు, డ్రిల్లింగు మోత ఆగింది. టేపు జర్రున లాగిన చప్పుడు, మళ్లీ దానంతటదే ముడుచుకున్న చప్పుడు. ఆమె మాట్లాడలేదు. ఈ మౌనాన్ని పూరించకుండా ఉండటమే అసలు కష్టం. సహాయం చేస్తున్నట్టు ఒక్క మాట తోసినా తలుపు ఇరుక్కుంటుంది.

"అమ్మా," అన్నాడు చివరికి, గొంతు తగ్గించి. "మా ఆఫీసులో కుర్రాళ్లు ఖాళీ కొలతలు పంపినట్టున్నారు."

డ్రాయింగు మీది అంకెలు ఆయన చేతివే. ఏడు అంకెకు నడుమ అడ్డగీత పెట్టే అలవాటు ఆయనకు తప్ప ఎవరికీ లేదు.

"హడావుడిలో ఏ కాగితం ఎటుపోతుందో తెలీదు కదండీ. కోత ఇంకా మొదలుకాలేదు."

"మొదలుకాలేదా?" ఊపిరి వదిలిన చప్పుడు. "కొత్తది పంపిస్తా. పాతది చించేయండి."

"చించనండీ, రద్దు అని రాసి పక్కన పెడతాను. కొత్తదాని మీద మీ సంతకం ఉంటే చాలు."

కొత్త డ్రాయింగు పొద్దువాలకముందే వచ్చింది. దాని మీద మొదటిసారిగా ఫైనల్ అనే మాట లేదు. అయినా ఆమె మూడు పలకలూ మళ్లీ కూడింది. సందులు ఉన్నాయి. కోతకు వదిలింది.

వెళ్లబోతుండగా మేనేజరు బల్ల దగ్గరికి వచ్చాడు. "చూశారా మేడమ్, మీకు అర్థమయ్యేలా ఆయనే మళ్లీ శ్రద్ధగా వేసి పంపాడు. పెద్దమనిషి."

"అవునండీ."

"ఇంకోటి. ఇకమీదట ఆయన ఆర్డర్లన్నీ మీరే చూడాలట. నేను వేరేవాళ్లను ఇస్తానంటే వద్దన్నాడు. ఎందుకో నాకైతే అర్థం కాలేదు." వెళ్లబోతూ అన్నాడు, "డిస్పాచ్ సంగతి వదిలేయండి."

ఆమె తల ఊపింది. సంతోషం కలగవలసిన చోట కలగలేదు. కుర్చీ దక్కింది, దానితోపాటు ఏమీ తెలియని మనిషి వేషమూ దక్కింది. బల్ల మీది అద్దాన్ని చీర కొంగుతో ఒకసారి తుడిచి, సంచీ తీసుకుని, కమ్మీ పట్టుకుని మెట్లు ఒక్కొక్కటే దిగింది. కింద మేస్త్రీ కొలిమి తలుపు ఎత్తుతున్నాడు.

"తేలిందా డౌటు?"

"తేలింది అన్నయ్యా."

"ఎవరిదట తప్పు?"

"అడగలేదు," అంది ఆమె.