నాలుగో మెషీన్ పక్కన రాసిన వాక్యం

సూరత్ లింబాయత్‌లో మన తెలుగు మగ్గాలవాళ్ల సంఘం నడిపిన కంప్యూటర్ గదికి నేను రెండేళ్లు బాధ్యురాలిని. ఆరు మెషీన్లు, అందరికీ అవే. శనివారం మధ్యాహ్నం మూడు గంటలు పిల్లలకు ఆటలు. వాటి కోసమే వాళ్లు వారమంతా పాఠాలకు వచ్చేవారు.

తొంభై ఆరు వానాకాలంలో అక్కడి టెక్నీషియన్ వేరే ఊరికి వెళ్తూ నాలుగు కాగితాలు ఇచ్చాడు. ఏ మెషీన్‌లో ఏ ఆట ఎలా మొరాయిస్తుందో, ఏం చేయాలో వాటిలో ఉంది. రెండో దానిలో ఆట మరీ వేగంగా పరుగెడితే టర్బో బటన్ నొక్కాలి. ఐదో దానిలో మెమరీ చాలదంటే మళ్లీ ఆన్ చేస్తూ ఎఫ్5 నొక్కాలి. నాలుగో దానిలో దశ దాటగానే ఆట ఆగితే డిస్క్ నిండినట్టు. ఆట సేవ్ ఫోల్డర్‌లో పాతవి తుడిచి, ఆడి, సేవ్ చేసి చూడాలి.

అతని రాత గజిబిజి. అంకెలు వేసి రిజిస్టర్‌లోకి శుభ్రంగా ఎత్తి రాశాను. లోపమూ చికిత్సా కానివి వదిలేశాను.

ఆ వారం శనివారమే నాలుగోది ఆగింది. ఫోల్డర్‌లో నలభై మూడు ఫైళ్లు. సంఖ్య రాసుకున్నాను, పేర్లు చదవలేదు. అన్నీ తుడిచి, ఒకసారి ఆడి, సేవ్ చేసి, బాగైందని టిక్కు పెట్టాను. పిల్లలు మూడు గంటలూ ఆడారు.

సాయంత్రం ఒక మగ్గం కార్మికుడు వచ్చాడు. కరీంనగర్ వైపు మనిషి, నలభై ఏడేళ్లు. మోకాళ్లు అరిగి షిఫ్టంతా నిలబడలేక మా గదిలోనే కంప్యూటర్‌పై చీర అంచుల డిజైన్లు గీయడం నేర్చుకుంటున్నాడు. సోమవారం సలాబత్‌పురాలో ఒక సేఠ్‌కు చూపించాలి. నచ్చితే కూర్చుని చేసే పని.

"మేడమ్, నా బొమ్మలేవి? పదకొండు ఉండె గద!"

"ఆటల ఫోల్డర్‌లో ఎందుకు పెట్టావు?"

"వేరే జాగల పెడితె పోరగాండ్లు మీసాలు గీస్తరు. ఆట సేవ్‌లైతె ఎవడు ముట్టడు, గండ్లనే పెట్టు కాకా అన్నడు మన టెక్నీషియన్. ఫ్లాపీల పెడ్దమంటె వానకు బూజు వట్టె."

తుడిచిన ఫైళ్లను తిరిగి తెచ్చే అన్‌డిలీట్ నడిపాను. ప్రతి పేరుకూ పోయిన మొదటి అక్షరం అడుగుతుంది. "బి, మేడమ్. బార్డర్," అని అతను చెబుతూ పోయాడు. రెండు తిరిగొచ్చాయి. మిగతా తొమ్మిదింటి చోట ఆటల కొత్త సేవ్‌లు కూర్చున్నాయి. వాటిలో మొదటిది నాదే.

"పోనీ తియ్యుండ్రి, రేపు గీస్తనేమో," అన్నాడు. ఆదివారం పొద్దంతా కూర్చుని ఇంకొకటి పూర్తి చేశాడు. మూడు డిజైన్లు చూసిన సేఠ్, ఇవి చాలవని పంపేశాడు. మంగళవారం పొద్దున అతను మగ్గం దగ్గరికే వెళ్లాడు.

ఆ రోజే టెక్నీషియన్ కాగితాలు మళ్లీ తీశాను. మూడో కాగితంలో, నాలుగో మెషీన్ పక్కన, అంచున అడ్డంగా రాసి ఉంది: "బి తో మొదలయ్యేవి కాకావి. ముట్టుకోవద్దు."

నేను వదిలేసిన వాక్యాల్లో అదొకటి. రిజిస్టర్‌లో దాని చోట ఎత్తి రాసి, పక్కన ఆ మంగళవారం తేదీ వేశాను.