ఏడు లైట్లు, ఒకటే లైను

సిస్టరమ్మ ముప్పై ఏళ్లు ఆపరేషన్ థియేటర్లో హెడ్ నర్సుగా చేసింది. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బంతా నా మాట నమ్మి ఏడు మ్యూచువల్ ఫండ్లలో పెట్టింది. ఏడూ షేర్ల ఫండ్లే. "ఒకటి పడితే ఇంకోటి ఆదుకుంటుంది" అని భరోసా ఇచ్చిన ఏజెంటుని నేనే.

మార్కెట్ కుప్పకూలిన నాలుగో రోజున ఆవిడ నా ఆఫీసుకొచ్చింది. సోమవారం ఆవిడ భర్తకు గుండె ఆపరేషన్.

"ఏడింట్లో పడనిది ఏదో చూపించు. అది అమ్ముకుంటాను."

నేను ఆవిడ ఫైలు తీశాను. ఆవిడే ఒక్కో ఫండ్ కొన్న షేర్ల జాబితాలు బల్ల మీద పరిచి, ఎర్ర పెన్నుతో గీతలు కొట్టుకుంటూ పోయింది. ఆరు కాగితాల్లోనూ అవే బ్యాంకులు, అవే పెద్ద కంపెనీలు.

"ఈ ఏడోది చిన్న కంపెనీలదిగా? ఇదెందుకు పడింది?"

"భయంతో అందరూ ఒకేసారి డబ్బు వెనక్కి అడిగారు సిస్టర్. దాంతో ఫండ్లవాళ్లు మంచీ చెడ్డా చూడకుండా ఏ షేరు అమ్ముడుపోతే అది అమ్మేశారు."

ఆవిడ పెన్ను విసిరికొట్టింది.

"థియేటర్లో రెండో లైటు వేరే కరెంటు లైను మీద ఉందో లేదో రోజూ చూసుకునేదాన్ని. నువ్వు ఏడు లైట్లిచ్చావు, లైను మాత్రం ఒకటే! షేర్లతో సంబంధం లేనిది ఒక్కటైనా ఉండక్కర్లేదా?"

ఉండాలి. దగ్గర్లో అవసరపడే డబ్బు బ్యాంకు డిపాజిట్లో, ఇంకొంత తక్కువ గడువు ప్రభుత్వ బాండ్లలో ఉండాలి. ఆ సంగతి నాకు మొదట్నుంచీ తెలుసు.

"మరి అప్పుడెందుకు చెప్పలేదయ్యా?"

నేను తలొంచుకుని కాగితాలు సర్దాను. డిపాజిట్ మీద నాకు కమీషన్ రాదు.