కొండవాగు పట్టిన పరదేశి

అనకాపల్లి పాటల పోటీలో చోడవరం బృందానికి మొదటి బహుమతి తెచ్చిన ఘనత పరదేశిది. చదివింది ఐదో తరగతే. పోటీకి అన్ని ఊళ్ళకూ ఇచ్చిన ఒకే పాటను గ్రామఫోనులో విని గురువు గణపతిరావు రాసిన నోటుబుక్కులో "కొండవాడు పొంగి వచ్చింది, కోసిన పనలు తేలిపోయాయి" అని ఉంది. గురువు రాతకు వంక పెట్టి, అది నిలబడకపోతే బృందంలో చోటుండదు. అయినా పరదేశి ఊరుకోలేదు.

"వాడైతే వచ్చేడనాల గదా, గురువుగారూ. అయినా మనిషి పొంగుతాడేటి?"

"అయితే వానేమోరా."

"వాన పొంగదు. పైగా మాట చివర ఉకారం ఇనబడతంది. వాగనుకుంటన్నాను. మళ్ళీ ఎయ్యండి బాబూ."

ముల్లు మూడుసార్లు అక్కడే పెట్టి విన్నారు. గణపతిరావు తనే కొట్టేసి, "వాగేరా. నా చెవికి నువ్వే గురువువి" అన్నాడు.

పోటీలో మిగతా ఊళ్ళవాళ్ళు కొండవాడినే పొంగించారు. న్యాయనిర్ణేతలు నవ్వు ఆపుకోలేకపోయారు. ఇప్పుడు పరదేశి విజయనగరం వెళ్ళి అక్కడి బృందంవారి పాటలు సరిచూస్తున్నాడు. 1957 మార్చి 12, మంగళవారం తిరిగి వస్తాడు.