ఒక వోల్టు దగ్గర మొదలైన గీత

కృష్ణపట్నం దారిలోని మా కాలేజీలో ఉప్పుగాలికి ల్యాబులోని రిలేలు, అంటే కరెంటుతో మూసుకుని తెరుచుకునే స్విచ్చులు, చిలుము పట్టేవి. మార్చాలని తెలిసీ నేను వాయిదా వేస్తూ వచ్చాను.

ఆరోజు ప్రాక్టికల్ పరీక్ష. మైపాడు నుంచి వచ్చే ఒకమ్మాయి ఇంటిగ్రేటర్ సర్క్యూట్ కట్టింది. వోల్టేజీ సెకనుకు ఐదు వోల్టులు పెరిగేలా రెసిస్టరు, కెపాసిటరు సరిగ్గానే ఎంచుకుంది. సెకనుకోసారి రిలే మూసుకుని కెపాసిటరును ఖాళీ చేయాలి. అప్పుడు గీత సున్నా నుంచి ఐదుకు ఎక్కి, మళ్లీ సున్నాకు పడుతుంది. ఆసిలోస్కోపు తెర మీద మాత్రం ఒకటి నుంచి ఆరుకు ఎక్కుతోంది. ఆమె అలాగే గీసింది.

బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ నవ్వారు. "ఏంది సార్, మీ ల్యాబులో సున్నాక్కూడా జీతం పెంచినారా?"

నాకు తల కొట్టేసినట్టయింది. "రికార్డులో ఉన్నట్టు గీయమ్మా" అన్నాను.

"వాలు సరిగానే ఉంది సార్. రిలే మూసుకున్నా కెపాసిటర్ పూర్తిగా ఖాళీ కావడంలా. కాంటాక్టులు చూడండి సార్."

"మార్కులు కావాలా, వద్దా?"

ఆమె రబ్బరుతో చెరిపి, సున్నా నుంచి ఐదుకు గీసింది. మంచి మార్కులే వేశాను.

రిలే మార్చి చాలాకాలమైంది. అయినా స్కోపు వేసిన ప్రతిసారీ, గీత ఒకటి దగ్గరే మొదలైనట్టు నా కంటికి కనిపిస్తుంది. తర్వాతి సెమిస్టరు ల్యాబులో ఆ అమ్మాయి తెరవైపు తల తిప్పకుండానే రికార్డు చూసి గీతలు గీసేది.