తెరకు కన్నాలు పెట్టిన బన్ను పిన్ని

పిన్ని ఆపరేషన్ చేయించుకుని ఆసుపత్రిలో పడుకుని ఉన్నప్పుడు, బావగారు ఆవిడ బేకరీకి తాళం వేసి బోర్డు తగిలించారు: “ఈ కొట్టు ఎత్తేశారు. బ్రెడ్డు, బన్నులకు ఎదురు కొట్టుకు రండి.” ఎదురు కొట్టు ఆయనదే. అప్పటికి ఆయన తమ్ముడు, అంటే పిన్ని భర్త, పోయి ఏడాది కూడా తిరగలేదు. “నీ మంచికేనమ్మా, కాస్త విశ్రాంతి దొరుకుతుందని” అన్నారు. ఇలాంటి మంచి చేసేవాళ్లు చుట్టాల్లోనే దొరుకుతారు.

పోయిన ఖాతాదారుల్ని ఒక్కొక్కరినే వెనక్కి తెచ్చుకోవడానికి ఆవిడకు ఏళ్లు పట్టింది. ఆ తర్వాత జ్వరమొచ్చినా షట్టర్ దించలేదు. అలాంటి మనిషి ముందు ఇప్పుడు పొయ్యి చేతులెత్తేసింది. అడుగు ఇటుకలు పగిలి, బ్రెడ్డు ఒకవైపు మాడుతోంది, ఇంకోవైపు పిండిపిండిగా ఉంటోంది. పొయ్యి మొత్తం తీసి కట్టాలన్నాడు మేస్త్రి.

“మూస్తే మళ్లీ వాళ్లంతా అటే పోతారే,” అంది పిన్ని కూతురితో.

“చెప్పకుండా మూస్తే పోతారు. చెప్పి, ఊరించి మూద్దాం,” అంది కూతురు. షట్టర్ నిండా ఎర్ర రంగుతో రాయించింది: “కొత్త పొయ్యి కడుతున్నాం. ఎక్కడికీ పోలేదు. నెలాఖరున తెరుస్తాం, మొదటి వాయి మీకే.”

అక్షరాలు వీధి చివరికి కూడా కనిపించేవి. పిన్ని దూరంగా నిలబడి చూసుకుని మురిసిపోయింది.

పని మొదలైన మూడోనాడు పోస్టుమాను తాతయ్య ఎదురయ్యాడు. పిన్నికన్నా ఇరవై ఏళ్లు పెద్దవాడు, ఆయనా పిన్నీ అనే పిలుస్తాడు.

“ఏం పిన్నీ, కొట్టు అమ్మేశావటగా?”

“ఎవరన్నారు?”

“ఎదురు కొట్టులో. లోపల చూస్తే అంతా రాళ్లూ మట్టీ, నిజమే అనుకున్నా.”

“షట్టర్ మీద అంత పెద్దగా రాయించాం కదా తాతయ్యా, కళ్లజోడు మర్చిపోయావా?”

“ఏ షట్టరు?” అన్నాడు ఆయన తల పైకెత్తి.

పిన్ని కూడా తలెత్తింది. మేస్త్రి పొద్దున్నే షట్టర్ పైకి చుట్టేస్తాడు. సాయంత్రం పని ముగించి దించేసరికి వీధి ఖాళీ. మనుషులు తిరిగే వేళంతా ఆ ఎర్ర అక్షరాలు పైన చుట్టలోనే ఉన్నాయి.

“నీ తెలివి తెల్లారినట్టే ఉంది,” అంది కూతురితో, నవ్వాలో ఏడవాలో తెలియక.

ఆ మధ్యాహ్నమే తల్లీకూతుళ్లు మందపాటి గుడ్డ తెచ్చి కొట్టు ముందు తెర కట్టారు. అదే మాట దాని మీద రాశారు. పిన్ని కత్తెర తీసుకుని తెరకు కన్నాలు పెట్టింది. పెద్దవాళ్ల ఎత్తులో కొన్ని, పిల్లల ఎత్తులో ఒకటి. పక్కన బొగ్గుతో రెండు గళ్లు గీసి, “మొదటి బన్ను మీద నువ్వులా, చక్కెర పలుకులా? గీత పెట్టండి” అని రాసింది.

కన్నం కనబడితే కన్ను పెట్టనివాడెవడు! ఆఫీసుకు పోయేవాళ్లు, బడి నుంచి వచ్చేవాళ్లు, అందరూ ఆగి పొయ్యి ఎంతవరకు లేచిందో చూడటం మొదలుపెట్టారు. నువ్వుల పక్షం, చక్కెర పక్షం రోడ్డు మీదే వాదించుకునేవి. తాతయ్య నువ్వుల గడిలో దొంగగీతలు పెడుతూ దొరికిపోయాడు.

“నా చెయ్యి వణికింది పిన్నీ!”

“ఆరుసార్లా?”

నెలాఖరు దగ్గరపడింది. పొయ్యి నిలబడింది, కానీ మేస్త్రి తల అడ్డంగా ఊపాడు. “ఇటుకల్లో తడుంది. రోజూ చిన్న మంట వేసి ఆరబెట్టాలి. తొందరపడి పెద్ద మంట పెట్టామా, ఆవిరి పుట్టి చీలుతుంది.”

చెప్పిన రోజు తప్పితే నమ్మకం పోతుంది. పొయ్యి చీలితే కొట్టే పోతుంది. పిన్ని ఆ రాత్రి నిద్రపోలేదు. పొద్దున్నే తెర మీద ‘నెలాఖరున’ అన్న మాట కొట్టేసి రాసింది: “పొయ్యి ఇంకా తడిగా ఉంది. ఇంకో వారం పడుతుంది. నమ్మకపోతే చూసుకోండి.” కింద కన్నానికి బాణం గుర్తు వేసింది.

ఎవరూ విసుక్కోలేదు. పైగా చిన్న మంట చూడటానికి జనం పెరిగారు. “ఇవాళ కాస్త పెద్దగా ఉంది కదూ!” అంటూ సొంత పొయ్యిలాగే లెక్కలు వేసుకునేవారు.

ఒక మధ్యాహ్నం పిన్ని మంటలో పుల్లలు సర్దుతుంటే, పిల్లల కన్నంలోంచి తెల్లటి కనుబొమ కనిపించింది. బయటి నుంచి, ఎదురు కొట్టులో రోజూ వినే దగ్గే వినిపించింది. ఆవిడ ఇంకో పుల్ల వేసింది.

తెరిచే రోజు తెర విప్పేసరికి, మలుపు దాకా జనం. నువ్వులే గెలిచాయి. మొదటి వాయి బయటికి రాగానే వీధంతా వాసన. పిన్ని చేతులు ఆగకుండా అందిస్తూనే ఉంది, కళ్లు చెమరుస్తున్నా తుడుచుకునే తీరిక లేదు.

జనం పలచబడ్డాక బావగారు వచ్చి గుమ్మం అవతలే నిలబడ్డారు. “పొయ్యి బాగా కుదిరిందటగా,” అన్నారు, ఎటో చూస్తూ.

పిన్ని ఒక బన్ను కాగితంలో చుట్టి చేతిలో పెట్టింది.

“ఇక నడుము వంచి చూడక్కర్లేదు బావగారూ. తలుపు తీసే ఉంటుంది, నిటారుగానే రండి.”